మధ్యాహ్నం రెండున్నరకు వెళ్లే పోస్టు



ఈ పూట చిన్న అంగడి నడుపుకునేవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడాలని వచ్చాను. కడపలో కావచ్చు, కర్నూల్లో కావచ్చు, ప్రొద్దుటూరులో, ఆదోనిలో కావచ్చు. చీరల అంగడో, గాజుల అంగడో, మిఠాయి అంగడో కావచ్చు. ఈ రోజుల్లో చాలామందికి ఫేస్‌బుక్‌లో అంగడి పేరుతో ఒక పేజీ ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా ఉంది. వాట్సాప్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కొత్త సరుకు దిగిన రోజు పది ఫొటోలు ఒక్కసారే పెడతారు. ఆ తర్వాత రెండు వారాలు పేజీలో ఏమీ ఉండదు. పండగ ముందు మళ్లీ పది ఫొటోలు. అవి కూడా రాత్రి అంగడి మూసి, అన్నం తిని, కళ్లు మూతలు పడుతుంటే పదకొండు గంటలకు పెట్టినవి.

దీనికి బదులు ఒక పద్ధతి ఉంది. వారానికి ఒక్కసారి కూర్చుంటారు. ఆ వారానికి కావలసిన పోస్టులన్నీ తయారు చేస్తారు. ఏది ఏ రోజు, ఏ గంటకు వెళ్లాలో ఫోనులోనే చెప్పిపెడతారు. ఆ గంటకు అవే వెళ్లిపోతాయి. దీన్నే షెడ్యూల్ చేయడం అంటున్నారు. ఇది నేర్చుకోవడానికి ఒక పూట చాలు. అసలు ప్రశ్న వేరే ఉంది. ఏ గంటకు పెట్టాలి?

ఈ ప్రశ్నకు ఇంటర్నెట్‌లో వెతికితే బోలెడు జవాబులు దొరుకుతాయి. బుధవారం పదకొండుకు పెట్టమంటాడొకడు. పొద్దున తొమ్మిదికి పెట్టమంటాడు ఇంకొకడు. అవి ఎక్కడివాళ్ల లెక్కలో, ఎవరి అలవాట్లో. మన సీమలో ఎండాకాలం మధ్యాహ్నం వీధిలో మనిషి కనబడడన్న సంగతి ఆ లెక్క కట్టినవాళ్లకు తెలియదు. కాబట్టి ఈ రోజు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇదే మాట మధ్యలో మళ్లీ చెబుతాను. మంచి గంట అంటే, కొనేవాళ్లకు ఫోను చూసే తీరిక, మనకు జవాబు ఇచ్చే తీరిక, రెండూ కలిసే గంట. మొదటిది ఒక్కటే ఉంటే చాలదు. రెండూ కలవాలి.

ఇది ఎలాగో ఒక అంగడిని తీసుకుని చూద్దాం. కడప వై.వి. వీధికి ఆనుకున్న సందులో ఒక చీరల అంగడి ఉందనుకుందాం. నడిపేది ఒక అక్క. సాయానికి ఒక అమ్మాయి. అక్క అమ్మేది ఎక్కువగా మాధవరం చేనేత. సిద్ధవటం దగ్గరి మాధవరంలో మగ్గాల మీద నేసిన చీరలు. చేనేతలో ఒక చిక్కుంది. ఒక రంగులో, ఒక అంచుతో ఉన్న చీర చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. అది అమ్ముడుపోతే మళ్లీ అచ్చం అలాంటిదే రావడం కష్టం. ఈ చిక్కు మన కథలో తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

అక్క దగ్గర కొనేవాళ్లు మూడు రకాలు. మొదటివాళ్లు ఊళ్లోని ఆడవాళ్లు. రెండోవాళ్లు చెన్నూరు, ఖాజీపేట, కమలాపురం వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు. మూడోవాళ్లు కువైట్‌లో ఉన్నవాళ్లు. కడప జిల్లాకు, రాజంపేట, రాయచోటి ప్రాంతాలకు కువైట్‌తో ఉన్న సంబంధం మీకు నేను చెప్పాలా? ఎన్నో ఇళ్లలో భర్తో భార్యో కూతురో అక్కడ ఉంటారు. ఇంట్లో పెళ్లి అంటే చీర ఇక్కడ కొన్నా, ఎంపిక మాత్రం అక్కడి నుంచి ఫోనులో జరుగుతుంది.

ఇప్పుడు ఈ మూడు రకాలవాళ్లు ఫోను ఎప్పుడు చూస్తారు? ఇది తెలుసుకోవడానికి రెండు దారులు ఉన్నాయి.

మొదటి దారి ఫోనులోనే ఉంది. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను మామూలు ఖాతాగా కాకుండా వ్యాపార ఖాతాగా మార్చుకోవాలి. దీనికి రుసుము లేదు. అలా మార్చుకుంటే ఇన్‌సైట్స్ అనే చోట, మనల్ని అనుసరించేవాళ్లు ఏ రోజు, ఏ గంటలో ఎక్కువగా ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటున్నారో పట్టీల బొమ్మగా కనిపిస్తుంది. అయితే కనీసం వందమంది అనుసరించేవాళ్లు ఉంటేనే ఈ వివరం చూపిస్తారు. వందమంది లేకపోతే దిగులు పడకండి. రెండో దారి ఉంది.

రెండో దారి అంగడి గల్లా దగ్గర ఉంది. బిల్లు రాసేటప్పుడు ఒక్క మాట అడగాలి. "ఫోను తీరిగ్గా ఎప్పుడు చూస్తావమ్మా?" అంతే. జవాబు వచ్చాక నోటుపుస్తకంలో ఒక గీత గీయాలి. పొద్దున అంటే ఒకచోట, మధ్యాహ్నం అంటే ఒకచోట, రాత్రి అంటే ఇంకోచోట. రెండు వారాలు అడిగితే చాలు, అంగడికి వచ్చేవాళ్ల అలవాటు ఇట్టే తేలుతుంది. వందమంది ఉన్నా సరే, ఈ పని చేయమనే చెబుతాను. ఎందుకంటే ఇన్‌సైట్స్ చూపించేది అనుసరించేవాళ్లందరినీ కలిపి. అందులో మన దగ్గర ఎప్పుడూ కొననివాళ్లూ ఉంటారు. గల్లా దగ్గర జవాబు చెప్పేవాళ్లు మాత్రం డబ్బిచ్చి కొనేవాళ్లు.

మన అక్క నోటుపుస్తకంలో రెండు గుంపులు తేలాయనుకుందాం. ఒక గుంపు రాత్రి తొమ్మిది ప్రాంతం అన్నారు. పిల్లలు తిన్నాక, సీరియల్ అయ్యాక. ఇంకో గుంపు మధ్యాహ్నం రెండు, మూడు మధ్య అన్నారు. వంట గిన్నెలు కడిగి, పిల్లలు బడి నుంచి రాకముందు. ఫోనులో ఇన్‌సైట్స్ చూస్తే రాత్రి తొమ్మిది పట్టీయే పొడుగ్గా ఉంది. చాలామంది ఇక్కడే నిర్ణయానికి వచ్చేస్తారు. పొడుగు పట్టీ రాత్రి తొమ్మిది కాబట్టి, పోస్టు రాత్రి తొమ్మిదికే పెట్టాలని.

ఒక్క నిమిషం ఆగుదాం. రాత్రి తొమ్మిదికి అక్క ఏం చేస్తుంటుంది? సందె ఆరు నుంచి తొమ్మిది దాకా అంగడి నిండా జనం. తొమ్మిదికి చీరలు మడతపెట్టాలి. గల్లా లెక్క చూడాలి. షట్టర్ దించాలి. అప్పుడే ఫోను మోగుతుంది. "అక్కా, ఈ చీర ఎంత?" "అక్కా, దీంట్లో ఆకుపచ్చ ఉందా?" జవాబు ఇచ్చేసరికి పదిన్నర. లేదా మరుసటి రోజు పొద్దున. అడిగిన మనిషి ఆ రాత్రే ఇంకో నాలుగు అంగళ్ల చీరలు చూసి ఉంటుంది. ఆ ఆసక్తి తెల్లారేదాకా నిలవదు.

మరి మధ్యాహ్నం రెండున్నరకు? ఏప్రిల్, మే నెలల్లో కడపలో, కర్నూల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పన్నెండు నుంచి నాలుగు దాకా అంగడిలోకి వచ్చేవాళ్లు అరుదు. అక్క ఫ్యాను కింద ఖాళీగా కూర్చుని ఉంటుంది. ఎవరైనా అడిగితే రెండు నిమిషాల్లో చీర తీసి, అంచు చూపించి, కొంగు చూపించి, ఫొటో పంపగలదు. కొనేవాళ్ల తీరిక, అమ్మేవాళ్ల తీరిక ఇక్కడ కలిశాయి. అంగడికి బేరం లేని వేళ అనుకునేది, ఫోను బేరానికి మంచి వేళ అయింది. మళ్లీ చెబుతున్నాను. మంచి గంట అంటే, కొనేవాళ్లకు చూసే తీరిక, మనకు జవాబు ఇచ్చే తీరిక, రెండూ కలిసే గంట.

ఇంకో సంగతి. సరిగ్గా రెండున్నరా, రెండూ నలభయ్యా అని కొట్టుకోనక్కర్లేదు. మనం పెట్టిన పోస్టును ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అందరికీ ఆ క్షణంలోనే చూపించవు. ఎవరికి దేని మీద ఆసక్తి ఉందో, ఎవరు మనతో తరచూ మాట్లాడుతున్నారో చూసుకుని, కొన్ని గంటలపాటు, ఒక్కోసారి మరుసటి రోజు కూడా చూపిస్తాయి. కాబట్టి అరగంట అటూ ఇటూ అయినా నష్టం లేదు. వేళ సరిగ్గా ఎంచుకుంటే చాలు.

ఇప్పుడు కువైట్ సంగతి. కువైట్ గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే వాళ్లకు ఏడు. మనకు మధ్యాహ్నం రెండున్నర అంటే వాళ్లకు పన్నెండు. పనిలో ఉంటారు. పైగా అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. మన ఆదివారం వాళ్లకు పనిరోజు. ఇది తెలియక ఆదివారం పోస్టు పెట్టి, కువైట్ వాళ్లు చూడలేదే అనుకుంటే ఎలా? శుక్రవారం మనకు పన్నెండున్నర అయితే అక్కడ పొద్దున పది. జుమా నమాజుకు ఇంకా సమయం ఉంది. సెలవు దొరికినవాళ్లు గదిలోనే ఉంటారు. ఇంటికి ఫోను చేసే వేళ కూడా అదే. అందుకని పెళ్లి చీరల పోస్టు ఒకటి శుక్రవారం పన్నెండున్నరకు. అయితే ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లందరికీ శుక్రవారం సెలవు దొరకదు. వాళ్లకు రాత్రి పొద్దుపోయాకే ఫోను చేతికి వస్తుంది. అలాంటివాళ్లు మీ దగ్గర కొంటుంటే వాళ్లనే అడగండి, ఎప్పుడు తీరిక అని. వాళ్లకు విడిగా వాట్సాప్‌లో పంపడమే మేలు.

సరే, గంటలు తేలాయి. ఇక వారం పని ఎలా సాగుతుందో చూద్దాం.

సోమవారం పొద్దున అంగడి తీశాక మొదటి గంటన్నరలో జనం తక్కువ. ఆ గంటన్నర దీనికి కేటాయించింది అక్క. ముందు నోటుపుస్తకంలో ఒక పేజీ. ఏ రోజు, ఏ గంట, ఏ చీర, ఏం చెప్పాలి అని నాలుగు గళ్లు. చివర ఐదో గడి ఖాళీగా ఉంచాలి. ఏం జరిగింది అని రాయడానికి. ఈ ఐదో గడి గురించి కాసేపట్లో చెబుతాను.

వారానికి ఎన్ని పోస్టులు? నాలుగు చాలు. రోజుకొకటి అని మొదలుపెట్టినవాళ్లు మూడో వారానికి మానేయడమే ఎక్కువ. నాలుగైతే ఏడాదంతా నడుస్తుంది. మంగళవారం రెండున్నరకు కొత్తగా వచ్చిన చీర. గురువారం రెండున్నరకు పనికొచ్చే ఒక మాట. చేనేత చీర మొదటిసారి ఎలా ఉతకాలి, మగ్గం చీరను మిల్లు చీర నుంచి ఎలా గుర్తుపట్టాలి, ఇలాంటివి. శుక్రవారం పన్నెండున్నరకు పెళ్లి చీరలు. శనివారం రెండున్నరకు, ఆదివారం అంగడికి వచ్చేవాళ్లు చూసుకుని రావడానికి రెండు మూడు చీరలు. ఇదే అక్క వారం.

తర్వాత ఫొటోలు. ట్యూబులైటు కింద తీసిన ఫొటోలో రంగు మారిపోతుంది. మెరూన్ చీర గోధుమరంగులా కనబడుతుంది. అది చూసి కొన్న మనిషి, చీర చేతికొచ్చాక ఇది అది కాదంటుంది. అందుకని పొద్దునపూట, అంగడి ముందు నీడపట్టున, పగటి వెలుతురులో తీయాలి. ఎర్రటి ఎండలో కాదు, నీడలో. ఒక్కో చీరకు మూడు ఫొటోలు చాలు. చీర మొత్తం ఒకటి, కొంగు ఒకటి, అంచు దగ్గరగా ఒకటి.

ఆ ఫొటోతో రాసే మాటల్లో ధర రాయండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ధర కోసం మెసేజ్ పెట్టండి అని చాలామంది రాస్తారు. దానివల్ల మెసేజ్‌లు పెరుగుతాయి, బేరాలు పెరగవు. ధర చూసి అడిగినవాళ్లు కొనాలని అడుగుతారు. మన తీరిక తక్కువ కాబట్టి ఆ తీరిక వాళ్లకే దక్కాలి.

ఇక షెడ్యూల్ చేయడం. ఫేస్‌బుక్ పేజీని, ఇన్‌స్టాగ్రామ్ వ్యాపార ఖాతాను ఒకదానికొకటి కలపాలి. మెటా బిజినెస్ సూట్ అనే యాప్ ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే కంపెనీదే. ఉచితం. అందులో ఫొటోలు ఎక్కించి, మాటలు రాసి, వెంటనే పంపే మీట నొక్కకుండా షెడ్యూల్ అన్నది ఎంచుకోవాలి. తేదీ, గంట పెట్టాలి. ఇప్పటికి కనీసం ఇరవై నిమిషాల తర్వాతి సమయం అయి ఉండాలి. అలా నాలుగూ పెట్టేశాక ప్లానర్ అనే చోట క్యాలెండర్ కనబడుతుంది. ఏ రోజు గడిలో ఏ పోస్టు ఉందో అక్కడ చూసుకోవచ్చు.

ఒకసారి అలా పెట్టాక ఆ పోస్టులు మన ఫోనులో ఉండవు. ఆ కంపెనీ కంప్యూటర్లలో ఉంటాయి. రెండున్నరకు మన ఫోను ఆగిపోయి ఉన్నా, కరెంటు పోయినా, మనం పెళ్లిలో ఉన్నా పోస్టు వెళుతుంది.

వాట్సాప్ స్టేటస్ మాత్రం వేరు. దానికి ఈ యాప్ పనిచేయదు. మన చేత్తోనే పెట్టాలి. అది ఇరవైనాలుగు గంటలకు మాయమవుతుంది. అందుకని అక్క సోమవారమే ఆ ఫొటోలను ఫోనులో ఒక ఆల్బమ్‌లో పెట్టుకుంటుంది. రెండున్నరకు ఫోనులో అలారం మోగుతుంది. ఒక్క నిమిషంలో స్టేటస్ అయిపోతుంది. ఇంకోటి, మన నంబరు వాళ్ల ఫోనులో, వాళ్ల నంబరు మన ఫోనులో దాచుకుని ఉంటేనే వాళ్లకు మన స్టేటస్ కనిపిస్తుంది. ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ కూడా అంతే. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడు, "మా నంబరు దాచుకో అమ్మా, కొత్త చీరలు వస్తే తెలుస్తుంది" అని చెప్పడం మరవకూడదు.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో రెండు సదుపాయాలు ఉన్నాయి. అంగడి మూసిన వేళల్లో ఎవరైనా అడిగితే, "పొద్దున పదికి జవాబిస్తాం" అని దానంతట అదే చెప్పే ఏర్పాటు ఒకటి. పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబు ముందే రాసిపెట్టుకుని, ఒక గుర్తు కొట్టగానే తెచ్చుకునే ఏర్పాటు ఇంకొకటి. అంగడి ఎక్కడ, ఎన్నింటి దాకా, కొరియర్‌లో పంపుతారా, ఇలాంటివాటికి రెండోది బాగా పనికొస్తుంది. ఈ చీర ఉందా అన్న ప్రశ్నకు మాత్రం మనిషే జవాబివ్వాలి. పోస్టు దానంతట అది వెళుతుంది. బేరం దానంతట అది కాదు.

ఇప్పుడు, ఎక్కడ తప్పుతుందో చెబుతాను.

మొదటి తప్పు చాలా చిన్నది, చాలా మామూలుది. మధ్యాహ్నం రెండున్నర అనుకుని రాత్రి రెండున్నర పెట్టేయడం. ఏఎం, పీఎం తేడా. పొద్దున లేచి చూస్తే పోస్టు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. అందుకని నాలుగూ పెట్టాక ప్లానర్ తెరిచి, ప్రతి పోస్టు గంటనూ పైకి చదవాలి. సాయానికున్న అమ్మాయి నోటుపుస్తకం చూసి అవునో కాదో చెప్పాలి.

రెండో తప్పు, పోస్టు అసలు వెళ్లకపోవడం. పాస్‌వర్డ్ మార్చినా, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మధ్య లంకె తెగినా ఇలా జరుగుతుంది. వెళ్లిందనే అనుకుంటాం. వెళ్లి ఉండదు. కాబట్టి చెప్పిన గంట దాటిన పది నిమిషాలకు ఒకసారి పేజీ తెరిచి చూడటం అలవాటు చేసుకోవాలి.

మూడోది పెద్దది. ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా, చేనేత చీర చాలాసార్లు ఒక్కటే ఉంటుందని. సోమవారం ఒక నీలం చీరకు శుక్రవారం పోస్టు పెట్టింది అక్క. బుధవారం ఎవరో అంగడికి వచ్చి అదే చీర కొనుక్కుపోయారు. శుక్రవారం పన్నెండున్నరకు పోస్టు మాత్రం వెళ్లిపోయింది. కువైట్ నుంచి ఐదుగురు అడిగారు. ఐదుగురికీ లేదని చెప్పాలి. రెండుసార్లు ఇలా అయితే, వీళ్ల దగ్గర ఫొటోలో చూపించేది ఉండదులే అనుకుంటారు. మళ్లీ అడగరు.

దీనికి విరుగుడు చీటీ. షెడ్యూల్ చేసిన ప్రతి చీరకూ ఒక నంబరు చీటీ గుచ్చాలి. అదే నంబరు నోటుపుస్తకంలోనూ, పోస్టులోనూ రాయాలి. ఆ చీర అమ్ముడుపోయిన క్షణంలో చీటీ తీసి గల్లా పక్కన డబ్బాలో వేయాలి. మధ్యాహ్నం తీరిక దొరికినప్పుడు డబ్బా చూడాలి. ఇంకా వెళ్లాల్సిన పోస్టు నంబరు అందులో ఉంటే, ప్లానర్‌లో ఆ పోస్టు తెరిచి ఫొటో మార్చాలి. లేదా తీసేయాలి. అడిగేవాళ్లకూ సులువే. ఆ నీలం చీర, అంచు అలా ఉన్నది అని వివరించనక్కర్లేదు. "పన్నెండో నంబరు ఉందా అక్కా?" అంటే చాలు.

నాలుగోది వేళకాని పోస్టు. ఊళ్లో ఏదైనా ఘోరం జరిగిన రోజు, అందరూ బాధలో ఉన్న రోజు, మన పేజీ మాత్రం పండగ ఆఫర్ అంటూ కనబడితే మనసు నొచ్చుకుంటుంది. యంత్రానికి ఆ సంగతి తెలియదు. అలాంటి రోజు మొదటి పనిగా ప్లానర్ తెరిచి ఆ పోస్టును వెనక్కి జరపాలి.

ఇక పండగల లెక్క. మన ఊళ్లలో ఇది ప్రత్యేకం. ఉగాది రోజు దేవుని కడపకు ముస్లిములు కూడా వచ్చి వెంకటేశ్వరస్వామిని దర్శించుకునే ఊరు మనది. అక్క దగ్గర కొనేవాళ్లలోనూ రెండు మతాలవాళ్లూ ఉన్నారు. రంజాన్ నెలలో బజారు వేళలే మారిపోతాయి. ఇఫ్తార్ తర్వాత, రాత్రి తరావీహ్ నమాజు అయ్యాక జనం బయటికి వస్తారు. అంగళ్లు పొద్దుపోయేదాకా తెరిచి ఉంటాయి. ఆ నెలంతా మధ్యాహ్నం పోస్టుల్లో ఒకటి రెండు రాత్రి పదికి జరపాలి. రాత్రి అంగడిలో ఇద్దరు ఉండాలి, ఒకరు ఫోను చూడటానికి. రంజాన్ ప్రతి ఏడాదీ పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కాబట్టి పోయినేటి క్యాలెండర్ చూసి రాసుకుంటే కుదరదు.

వరలక్ష్మీ వ్రతం తీసుకోండి. శ్రావణంలో పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం. ఆ వారంలో చీర చూపిస్తే ఆలస్యమైనట్టే. ఎందుకంటే చీర కొన్నాక రవిక కుట్టించుకోవాలి. శ్రావణంలో దర్జీల దగ్గర బట్టలు గుట్టలు పడి ఉంటాయి. ముందు మీ సందులోని దర్జీని అడగండి, రవికకు ఎన్ని రోజులని. పది రోజులు అన్నాడనుకోండి. చీర చూసి, ఇంట్లో అడిగి, కొనడానికి ఇంకో వారం. అంటే వ్రతానికి రెండున్నర వారాల ముందే మొదటి పోస్టు వెళ్లాలి. పండగ తేదీ నుంచి దర్జీ రోజులు వెనక్కి లెక్కపెట్టండి. చీరల అంగడికి క్యాలెండర్ అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు ఐదో గడి. ఏం జరిగింది అన్న గడి. పోస్టు వెళ్లిన మరుసటి రోజు అందులో రెండే రెండు అంకెలు రాయాలి. ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు. లైకులు రాయకండి. లైకు నొక్కినవాళ్లలో బంధువులుంటారు, స్నేహితులుంటారు, చూడటానికి బాగుందని నొక్కినవాళ్లుంటారు. అంగడికి వచ్చి, "ఫోనులో చూశామక్కా" అన్నవాళ్లను మాత్రం కొన్నవాళ్ల లెక్కలో కలపాలి. అందుకోసం గల్లా దగ్గర అడగాలి.

మధ్యాహ్నం మంచిదా, రాత్రి మంచిదా అని తేల్చుకోవాలంటే ఈ గడే తీర్పు చెబుతుంది. రెండు వారాలు రెండున్నరకు పెట్టండి. రెండు వారాలు రాత్రి తొమ్మిదికి పెట్టండి. చీరల రకం, ధర ఇంచుమించు ఒకేలా ఉండాలి. మధ్యాహ్నం రెండు వందల రూపాయల తగ్గింపు పెట్టి, రాత్రి పెట్టకపోతే, తేడా గంట వల్ల వచ్చిందో తగ్గింపు వల్ల వచ్చిందో తెలియదు. ఒకసారికి ఒకటే మార్చాలి. పండగ వారంలో ఈ పరీక్ష పెట్టకూడదు.

అక్క నోటుపుస్తకంలో ఇలా వచ్చిందనుకుందాం. రాత్రి పోస్టులకు ఇరవైమంది అడిగారు, ముగ్గురు కొన్నారు. మధ్యాహ్నం పోస్టులకు పన్నెండుమంది అడిగారు, ఏడుగురు కొన్నారు. అడిగినవాళ్లను చూస్తే రాత్రి గెలిచింది. కొన్నవాళ్లను చూస్తే మధ్యాహ్నం గెలిచింది. జవాబు వెంటనే వెళ్లింది కాబట్టి. ఫోనులోని పొడుగు పట్టీ ఈ సంగతి ఎప్పటికీ చెప్పదు. అయితే జాగ్రత్త. తేడా ఒకటో రెండో అయితే దాన్ని పట్టించుకోకండి. నలుగురు కొనడానికి, ఐదుగురు కొనడానికి తేడా లేదు. ఇంకో నాలుగు వారాలు చూడాలి. రాత్రిళ్లు ఫోను చూడటానికి ఇంట్లో ఎవరైనా కుదిరితే, అప్పుడు రాత్రి తొమ్మిదిని మళ్లీ పరీక్షించాలి. గంట మారింది కాబట్టి కాదు, మన తీరిక మారింది కాబట్టి.

అలాగే వానాకాలం వచ్చి, ఎండ తగ్గి, మధ్యాహ్నం కూడా అంగడికి జనం రావడం మొదలైతే రెండున్నర మంచి గంట కాకపోవచ్చు. ఒకసారి తేల్చుకున్న గంట ఏడాదంతా చెల్లదు. ఎండాకాలం ముందర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, గల్లా దగ్గర మళ్లీ అడగండి. ఇన్‌సైట్స్ మళ్లీ తెరవండి.

చివరగా చెప్పేది ఇంతే. యాప్ తర్వాత నేర్చుకోవచ్చు. రేపు అంగడి తీయగానే నోటుపుస్తకంలో ఒక పేజీ తీసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్లు గీయండి. వచ్చినవాళ్లందరినీ ఆ ఒక్క ప్రశ్న అడగండి. రెండు వారాలు గడిచాక, ఆ గీతల్లో ఏ వేళకు మీ చేతిలో కూడా తీరిక ఉందో చూసుకుని, మొదటి పోస్టును ఆ గంటకు పెట్టండి.